నాన్నకి కాలదోషం ఉంటుందా?

ప్రోనోటుకి మూడేళ్ళు దాటితే కాలదోషం పడుతుంది. ఆ తరువాత అప్పిచ్చినవాడు కోర్టుకెక్కినా లాభం లేదు. ఈ గడువు పెట్టినవాళ్ళు తెలివైనవాళ్ళే. మనిషన్నవాడు ఎల్లకాలం పాతలెక్కలు మోసుకు తిరగలేడు గదా! మరి తండ్రికీ కూతురికీ మధ్య ఉండే బాకీకి గడువెంత? అసలా బాకీలో అప్పు పడ్డది ఎవరు?

ఈ ప్రశ్న నాకు ఊసుపోక పుట్టలేదు. 2024లో, ఆషాఢమాసం వెళ్ళేరోజుల్లో, స్పీడ్ పోస్టులో నాలుగు పేజీల ఉత్తరం ఒకటి వచ్చింది. రాసినది మా నాన్నగారు. ఆయన ఇల్లు విడిచి వెళ్ళింది 1991లో. అప్పటికి నాకు 11 ఏళ్ళు, తమ్ముడికి ఆరు. బిలాస్‌పూర్‌లో ఉద్యోగమని వెళ్ళారు. మొదటి ఏడాది మూడు మనియార్డర్లు వచ్చాయి. రెండో ఏడాది నుంచి అవీ లేవు. అక్కడ ఆయనకి వేరే సంసారం ఉందని ఎవరో చూసొచ్చి చెప్పారు. అమ్మ ఆ మాట విని, చేతిలో ఉన్న చీరకి ఫాల్ కుట్టటం పూర్తిచేసి, దారం కొరికి లేచింది. ఆ ఫాల్సూ, జాకెట్లూ కుట్టే మమ్మల్ని చదివించింది. నా పెళ్ళిలో పీటల మీద కూచుని కన్యాదానం చేసింది మావయ్యా అత్తయ్యా. అమ్మ పందిరి గుంజ పక్కన నిలబడి చూసింది.

ఇలాంటి ఉత్తరం వచ్చిన ఇల్లు మాదొక్కటే కాదని నాకు తెలుసు. వాళ్ళందరికీ ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: ఏమని జవాబు రాయాలి?

ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి కళ్ళు మసకబారి ఏమీ కనిపించలేదు. రెండోసారి కోపం. మూడోసారి ఆయన కూచుని రాస్తున్నట్టు అనిపించింది. నాలుగోసారి మటుకు, చదువుకున్న చదువు వృధా పోదన్నట్టు, వాక్యాల్లో క్రియలు ఎలా ఉన్నాయో చూశాను. "జరిగింది జరిగిపోయింది." "పరిస్థితులు అలా వచ్చాయి." "మనం దూరమైపోయాం." "కాలం గడిచిపోయింది." మన తెలుగులో ఉన్న సౌకర్యమే అది. కర్త అక్కర్లేకుండా ఎంత పెద్ద సంగతైనా చెప్పేయవచ్చు. గ్లాసు పగిలింది అంటాం, పగలగొట్టాను అనం. నాలుగు పేజీల్లోనూ "నేను వెళ్ళిపోయాను", "నేను డబ్బు పంపటం మానేశాను" అన్న వాక్యం ఒక్కటి లేదు. "నేను" అనే మాట చాలాచోట్ల ఉంది. షుగరు వచ్చిన నేను, ఒంటరినైపోయిన నేను, మనవల్ని చూడాలని ఉన్న నేను.

తప్పు చేసినవాడు నిజంగా వెనక్కి తిరిగి చూసుకున్నాడో లేదో తెలుసుకోవటానికి నాకు ఇంతకంటె మంచి ఆనవాలు దొరకలేదు. పశ్చాత్తాపానికి పేర్లుంటాయి, తారీఖులుంటాయి. "ఫలానా సంవత్సరం నీ స్కూలు ఫీజుకి డబ్బు పంపలేదు" అని ఉంటుంది. అవసరానికి ఇవేవీ ఉండవు. అది వర్తమానంలోనే మాట్లాడుతుంది.

అయితే ఇక్కడే ఒక్క క్షణం ఆగాలి. అవసరం కొద్దీ వచ్చాడు గనక అబద్ధంగా వచ్చాడని అనుకోవచ్చా? ఆకలేసినప్పుడే అమ్మ గుర్తొస్తుంది. అంతమాత్రాన ఆ గుర్తుకి రావటం దొంగదవుతుందా? డెబ్భై దాటిన మనిషికి అవసరమూ పశ్చాత్తాపమూ పాలూ నీళ్ళలా కలిసిపోయి ఉంటాయి. వాటిని విడదీయటం ఆయనకే చేతకాదు. నేనెలా విడదీస్తాను? కనక ఆయన మనసు స్వచ్ఛమైనదా కాదా తేలేదాకా జవాబు ఆపటంలో అర్థం లేదు. అది ఎప్పటికీ తేలదు.

ఈలోగా చుట్టాలకి తెలిసింది. "పోయేకాలంలో ఉన్న మనిషి మీద పంతమేమిటే, ఎంతైనా కన్నతండ్రి" అని మా పెద్దత్తయ్య. "గుమ్మం తొక్కనిచ్చావంటే నా మాట వినకపోయినట్టే" అని మా పిన్ని. ఇద్దరూ నా మంచి కోరేవాళ్ళే. కానీ ఆ రెండు సలహాలూ ఒక విషయంలో అచ్చంగా ఒకటే. రెండింటికీ ఖర్చయ్యేది నాకే. ఒకావిడ సలహా ప్రకారం ఆయనకి మందులు పొయ్యాల్సిందీ నేనే. రెండో ఆవిడ సలహా ప్రకారం, రేపు ఆయన ఏ ఆస్పత్రి వరండాలోనో పోయాడని తెలిస్తే, ఆ రాత్రి నిద్రపట్టక దొర్లాల్సిందీ నేనే.

తమ్ముడికి ఫోన్ చేశాను. "ఆయనకి రాసే ఉత్తరంలో నా పేరు ఎత్తకక్కా" అన్నాడు. అమ్మకి ఉత్తరం చేతికిచ్చాను. చదవలేదు. మడత విప్పకుండానే తిరిగిచ్చి, "నీకు తండ్రి. నీ సంగతి నువ్వు చూసుకో. నాకు మొగుడు. నా సంగతి నేను చూసుకుంటాను" అంది.

ఆ మాటతో నాకు దారి కనిపించింది. అంతవరకూ నేను ఆ ఉత్తరాన్ని ఒక్క కోరికగా చదువుతున్నాను: రానిస్తావా, రానివ్వవా? నిజానికి అది నాలుగైదు కోరికల మూట. తిండీ మందూ కావాలన్నది ఒకటి. మన ఇంట్లో ఉంటానన్నది ఒకటి. మనవల్ని చూడాలన్నది ఒకటి. క్షమించమన్నది ఇంకొకటి. తలకొరివి పెట్టటానికి కొడుకున్నాడన్న ధైర్యం కావాలన్నది చివరి పేజీలో చివరి వాక్యం. వీటిలో ఒక్కోదానికి ఒక్కో యజమాని ఉన్నారు. అన్నిటికీ కలిపి "సరే" అనే హక్కు నాకు లేదు. అన్నిటికీ కలిపి "వద్దు" అనే హక్కూ లేదు.

ఇలా మూట విప్పి జవాబు చెప్పినవాడు మన భారతంలోనే ఉన్నాడు. యుద్ధం ఇక ఆగదని తేలాక కుంతి గంగ ఒడ్డుకి కర్ణుడి దగ్గరికి వెళ్తుంది. పుట్టిననాడు నీళ్ళలో వదిలేసిన కొడుకుని, యుద్ధం వచ్చాక తన పక్షానికి రమ్మంటుంది. అవసరం కాదూ అది? కర్ణుడికీ ఆ సంగతి తెలుసు. నన్ను విడిచిపెట్టిననాడే నాకు అపకారం చేశావు, ఇప్పుడు నీ మేలు కోసం వచ్చావు అని దాచకుండా అంటాడు. పెంచిన రాధనీ అధిరథుణ్ణీ, నమ్మిన దుర్యోధనుణ్ణీ వదిలి రానని చెప్పేస్తాడు. కానీ అక్కడితో ఆపి పంపెయ్యడు. అర్జునుణ్ణి తప్ప మిగిలిన నలుగుర్నీ చంపనని మాటిస్తాడు. మా ఇద్దరిలో ఎవరు పోయినా నీకు అయిదుగురు కొడుకులు మిగులుతారంటాడు. యుద్ధంలో ఆ నలుగురూ చేజిక్కినప్పుడు ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా.

నాకు ఆ జవాబులో నచ్చేది దాని ఔదార్యం కాదు, దాని కొలత. ఏది ఇవ్వగలడో అది ఇచ్చాడు. ఏది రాధదో దాన్ని తీసి కుంతికి ఇవ్వలేదు.

సరే, ఆ కొలతతోనే నా మూట విప్పుకున్నాను.

మొదటిది తిండీ మందూ. దీనికి ప్రేమతో సంబంధం లేదు. ఈ విషయంలో చట్టం ఏమంటుందో చాలామంది ఆడవాళ్ళకి తెలియదు గనక చెబుతాను. తనని తాను పోషించుకోలేని తండ్రికి భరణం ఇవ్వకపోతే కోర్టు ఇప్పించవచ్చు. ఇదివరకు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్; 2024 జూలై నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144వ సెక్షన్. అది కొడుకులకే గదా అంటారేమో! 1987లో సుప్రీంకోర్టుకి సరిగ్గా ఆ వాదనే వచ్చింది. మహారాష్ట్రలో డాక్టరుగా ఉన్న ఒకావిడ మీద ఆమె తండ్రి కేసు వేశాడు. తల్లి పోయాక మళ్ళీ పెళ్ళి చేసుకున్న తండ్రి. పెళ్ళయిన కూతురికి ఈ బాధ్యత లేదని ఆవిడ వాదన. పెళ్ళయినంత మాత్రాన కూతురు కూతురు కాకుండా పోదని కోర్టు అంది. అయితే ఒక మెలిక పెట్టింది. ఆమెకి భర్త సంపాదనతో నిమిత్తం లేకుండా సొంతంగా చాలినంత ఆదాయం ఉండాలి. తండ్రి నిజంగా తనని తాను పోషించుకోలేని స్థితిలో ఉండాలి. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టమూ కూతుర్ని లెక్కలోకి తీసుకుంటుంది. "నిన్ను పెంచాడా?" అన్న ప్రశ్న ఆ చట్టం తండ్రికి ఇచ్చిన నిర్వచనంలో లేదు.

మొదట ఇది నాకు అన్యాయంగా తోచింది. ఆలోచించగా, ఇందులో ఒక మేలు కనిపించింది. చట్టం నన్ను ఆయన్ని ప్రేమించమనటం లేదు. ఇంట్లో పెట్టుకోమనటం లేదు. ముసలివాడు ఆకలితో ఉండకూడదంటోంది, అంతే. అంటే అన్నం పెట్టటం వేరు, నాన్నా అని పిలవటం వేరు. ఈ రెండూ వేరని ఒప్పుకున్నాక మనసు చాలా తేలికపడుతుంది. అన్నం పెట్టినందుకు ఆయన్ని క్షమించేశానని ఎవరూ అనుకోనక్కర్లేదు, నేనూ అనుకోనక్కర్లేదు.

రెండోది ఇల్లు. మా ఇంట్లో అమ్మ ఉంటుంది. పొద్దున్నే లేచి వాకిట్లోకి వస్తే ఎవరి మొహం కనిపించాలో నిర్ణయించుకునే హక్కు, ముప్ఫయ్యేళ్ళకి పైగా ఒంటరిగా ఇల్లు నడిపిన మనిషిది. కనక ఇంట్లో చోటు లేదు. దీనికి సంజాయిషీ కూడా అక్కర్లేదు.

మూడోది పిల్లలు. పిల్లలకి తాతయ్యని ఇవ్వటమంటే బొమ్మ కొనివ్వటం కాదు. మళ్ళీ వెళ్ళిపోతే? ఒకసారి తండ్రి వెళ్ళిపోతే ఎలా ఉంటుందో తెలిసినదాన్ని. వాకిట్లో పోస్టుమాన్ సైకిలు బెల్లు వినబడగానే పరుగెత్తి, ఆ సైకిలు ఆగకుండా పోతే తిరిగి లోపలికొచ్చి లెక్కల పుస్తకం తీసిన పిల్ల నాకు ఇంకా గుర్తుంది. కనక ముందు ఆయన చెప్పిన రోజున చెప్పిన చోటికి వస్తారో లేదో చూడాలి. ఒక్కసారి రావటం ఎవరికైనా చేతనవుతుంది. ఆరుసార్లు రావాలి.

నాలుగోది క్షమాపణ. నా వాటా వరకే నేను ఇవ్వగలను. నా కన్యాదానం పీట ఖాళీ నాది. దాని సంగతి నేను చూసుకుంటాను. అమ్మ కుట్టిన ఫాల్స్ అమ్మవి. తమ్ముడి చిన్నతనం వాడిది. మంచిపేరుకి ఆశపడి వాళ్ళ వాటా కూడా నేను పంచిపెట్టేస్తే, అది క్షమ కాదు, దొంగతనం. తలకొరివి మాటా అంతే. అది తమ్ముడు చెప్పాల్సిన జవాబు.

ఇక ఉత్తరం మొదలుపెడితే సంబోధన దగ్గరే కలం ఆగింది. "పూజ్యులైన నాన్నగారికి" అన్నది చిన్నప్పుడు బళ్ళో నేర్పిన వరస. చెయ్యి రాయలేదు. వట్టి "అయ్యా" అంటే బాంకి మేనేజరుకి రాసినట్టుంటుంది. చివరికి విశేషణం తీసేసి "నాన్నగారికి" అని రాశాను. అది పొగడ్తా కాదు, తిట్టూ కాదు, నిజం. ఇదీ ఆ ఉత్తరం:

"నాన్నగారికి,

మీ ఉత్తరం అందింది. మీకు షుగరుందనీ, ఒంటరిగా ఉన్నారనీ చదివి బాధ కలిగింది.

మీరు తిండికీ మందులకీ ఇబ్బంది పడకూడదు. మీకు పెన్షను వస్తోందా, బాంకిలో ఏమైనా ఉందా, ఇంటద్దె ఎంత, నెలకి మందులకెంత అవుతుందో రాయండి. తక్కువైనది నా జీతంలోంచి నేను చూస్తాను. మందుల షాపుకీ, మెస్సుకీ నేరుగా కడతాను.

మీరు మా ఇంట్లో ఉండటం కుదరదు. అమ్మ ఇక్కడ ఉంటుంది. అమ్మ గురించీ తమ్ముడి గురించీ నేనేమీ చెప్పను. వాళ్ళకి చెప్పదలచుకుంటే వాళ్ళే చెబుతారు. వాళ్ళ నంబర్లు నన్ను అడగవద్దు.

వచ్చే నెల రెండో ఆదివారం పదింటికి రైల్వేస్టేషను ఎదురుగా ఉన్న హోటల్లో ఉంటాను. గంటసేపు కూచుందాం. ప్రతినెలా అదే రోజు, అదే చోట. పిల్లల సంగతి తరువాత చూద్దాం.

మీ ఉత్తరంలో చాలా సంగతులు జరిగిపోయాయని రాశారు. ఎవరు చేస్తే జరిగాయో మీ నోట వినాలని ఉంది. తొందరేమీ లేదు.

మీ పెద్దమ్మాయి."

నగదు చేతికివ్వకుండా షాపుకి కట్టడమేమిటి, మరీ అపనమ్మకం కాదా అని మా వారన్నారు. అపనమ్మకం కాదు. చేతికిచ్చిన డబ్బుకి కృతజ్ఞత కోరుకుంటాం. ఖర్చు ఎలా పెట్టారో అడుగుతాం. అడిగితే ఆయనకి చిన్నతనం. షాపుకి కడితే లెక్క లెక్కలా ఉంటుంది. ఆ హోటల్లో మాటలు మాటల్లా ఉంటాయి.

అమరికలన్నీ పద్ధతిగా జరిగాయని చెప్పను. మొదటి నెల వచ్చారు. నేననుకున్నంత పొడుగు లేరు. రెండో నెలా వచ్చారు. మూడో నెల ఎవరో స్నేహితుడి బాకీ కోసం ఇరవై వేలు కావాలన్నారు. లేదన్నాను. అసలు పరీక్ష అక్కడే ఉంది. తిరిగి రావాలనుకునేవాళ్ళ సంగతి, మనం సరే అన్నప్పుడు తెలియదు, ఒక్క కోరికకి కాదన్నప్పుడు తెలుస్తుంది. కాదంటే కొందరు కన్నప్రేమ మాటెత్తుతారు. కొందరు మన వెనక నుంచి పిల్లల ఫోనుకి రాస్తారు. కొందరు చుట్టాల చేత చెప్పిస్తారు. కొందరు మళ్ళీ రారు. అలా జరిగితే మనకి జవాబు దొరికినట్టే. అక్కడితో మందుల వరకే ఉంచుకోవాలి.

నాలుగో నెల మా నాన్నగారు పావుగంట ముందే వచ్చి కూచున్నారు. ఇరవై వేల మాట మళ్ళీ ఎత్తలేదు. కాఫీ చల్లారిపోతుంటే, గ్లాసు వైపు చూస్తూ, "ఆ మూడో మనియార్డరు తరువాత పంపకూడదని నేనే అనుకున్నానమ్మా. డబ్బు లేక కాదు" అన్నారు. కర్త ఉన్న మొదటి వాక్యం అది. వింటే సంతోషమేం కలగలేదు. కడుపులో దేవినట్టయింది. కానీ ఆ మాట తరువాతే ఆయనతో మాట్లాడుతున్నాననిపించింది. అంతకు ముందంతా ఒక పెద్దమనిషితో కాఫీ తాగుతున్నాను.

ఆరు నెలలు నిండాక పిల్లలకి చెప్పాను. పెద్దది వచ్చి చూసింది. చిన్నాడు రానన్నాడు, బలవంతపెట్టలేదు. తమ్ముడు ఇప్పటికీ పేరెత్తనివ్వడు. అమ్మ రెండో ఆదివారం పొద్దున మటుకు, నేను అడక్కపోయినా, "ఎండగా ఉంది, గొడుగు పట్టుకెళ్ళు" అంటుంది. అది నాకోసమే అంటుందో, ఇంకేమైనా ఉందో నేనడగలేదు. ఆ వాటా ఆవిడది.

ప్రోనోటు సంగతిలో ఇంకో సూత్రం ఉందని ఒక ప్లీడరుగారు చెప్పారు. గడువు దాటిన అప్పుని కోర్టు ఇప్పించదు. కానీ బాకీ పడ్డవాడు తనంతట తాను "ఇస్తాను" అని రాసి సంతకం పెడితే, ఆ రాత చెల్లుతుంది. పాత నోటు బతకదు. దాని స్థానంలో కొత్త మాట పుడుతుంది. బాకీ పడ్డది ఎవరో ఆ సంతకమే చెబుతుంది. నా 11వ ఏట వెళ్ళిపోయిన నాన్న ఇక రారు. కాలదోషం పట్టింది ఆయనకే. నెలకోసారి వచ్చి పావుగంట ముందే కూచుంటున్న ఈ ముసలాయనతో ఉన్నది కొత్త నోటు. అందులో మొత్తం చిన్నది, షరతులు ఎక్కువ. అయినా రెండువైపులా సంతకాలున్నాయి.